పనసపండు కోత: నూనె ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు (అపోహలు – వాస్తవాలు)

కావలిలో పనస తొనలు అమ్మే మా బండి దగ్గరికి వేసవిలో రెండు రకాల వారు వస్తారు. తొనలు తూయించుకొని వెళ్ళేవారితో పని తేలిక. పూర్తి పండు కొనుక్కొని ఇంట్లోనే కోసుకుంటామనే వారితో మాత్రం నేను కాసేపు మాట్లాడవలసి వస్తుంది. ఎందుకంటే పనస కోతకు నూనె కావాలన్న సంగతి అందరికీ తెలుసు గాని, ఆ నూనె దేనికి రాయాలో, దేనికి రాయకూడదో తెలిసినవారు తక్కువ. ఇలా తెలియకపోవడం వల్ల జిగురు అంటుకోవడంతో పోదు, చేతులే తెగుతున్నాయి. అందుచేత ఆ ఒక్క సంగతినే ముందుగా వివరంగా రాస్తాను.

అపోహ: చేతులకూ కత్తికీ నూనె ఎంత ఎక్కువ పట్టిస్తే అంత మంచిది

ఇంట్లో కోసేవారు సాధారణంగా చేసేది ఇది: గిన్నెలో నూనె పోసుకొని, రెండు చేతులకూ మోచేతుల దాకా పట్టించి, ఆ చేతులతోనే కత్తి పిడి పట్టుకొని పండు మీదికి వంగుతారు. జిగురు అంటదన్న మాట నిజమే. కాని పనసపండు నడుమ గట్టి మొద్దు ఉంటుంది, జిగురు ఎక్కువగా ఊరేది కూడా దాని చుట్టూనే. కత్తి అక్కడికి చేరేసరికి ఒకవైపు మొద్దు గట్టిదనం, మరోవైపు జిగురు పట్టు కలిసి అలుగును ఆపేస్తాయి. అప్పుడు మనిషి సహజంగా బలం పెంచుతాడు. పిడి మీద నూనె ఉన్నందువల్ల కత్తి కదలకుండా చేయి మాత్రం ముందుకు జారుతుంది, జారిన చేయి నేరుగా అలుగు మీదికి వెళ్తుంది.

మా దగ్గర పండు తీసుకువెళ్ళిన ఒక ఉపాధ్యాయుడు మర్నాడు అరచేతికి కట్టుతో వచ్చి, “నూనె రాసుకోమని చెప్పావు కదన్నా, రాసుకొనే కోశాను” అన్నారు. కత్తి ఎక్కడ ఆగిందని అడిగితే మొద్దు దగ్గరేనన్నారు. పిడికి నూనె ఉందా అని అడిగితే, రెండు చేతులూ నూనెలో ముంచుకొన్నానని చెప్పారు. ఆయన మీద కోపం రాలేదు, ఎందుకంటే చెప్పేవారందరూ “చేతులకు నూనె రాసుకోండి” అంటారే గాని, ఏ చేతికి, ఏ దశలో రాసుకోవాలో చెప్పరు.

వాస్తవం ఏమిటంటే, పనస కోతలో రెండు దశలున్నాయి, రెండింటిలోనూ నూనె పని వేరు. మొదటిది కత్తి దశ. ఇందులో నూనె అలుగుకు మాత్రమే రాయాలి. పిడీ, పిడి పట్టుకొనే చేయీ పూర్తిగా పొడిగా ఉండాలి. పిడి నున్నటి ప్లాస్టిక్‌దైతే దానికి పొడి నూలు గుడ్డ చుట్టుకోవడం మంచిది. పండును పట్టుకొనే రెండో చేతికి కూడా ఈ దశలో నూనె అక్కరలేదు, ఎందుకంటే ఆ చేయి ముళ్ళ తొక్క మీద ఉంటుంది గాని జిగురు మీద కాదు, పైగా నూనె చేతి కింద పండు దొర్లుతుంది. రెండోది తొనలు తీసే దశ. కత్తిని పక్కన పెట్టేసిన తరువాతనే రెండు చేతులకూ వేళ్ళ సందులతో సహా నూనె రాసుకోవాలి. ఆ తరువాత మళ్ళీ కత్తి ముట్టవలసి వస్తే చేతులు ముందు గుడ్డతో శుభ్రంగా తుడుచుకోవాలి. పలుచని చేతి తొడుగులు వాడేవారికి కూడా ఇదే నియమం: అవి తొనలు తీసేటప్పుడు బాగుంటాయి, కత్తి పట్టినప్పుడు జారుతాయి.

కత్తిపీట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కూరకు పనసకాయ తరగడానికి కత్తిపీట బాగానే ఉంటుంది గాని, నిండు పండును చేతులతో ఎత్తి పైకి నిలిచిన అలుగు మీద అదమడం, అందులోనూ నూనె చేతులతో అదమడం, నేను ఎవరికీ సలహా ఇవ్వను. మొదటి కోతలన్నీ నేల మీద, పొడవాటి కత్తితో జరగాలి.

అపోహ: కత్తిని నీళ్ళలో ముంచుతూ కోస్తే జిగురు పట్టదు

పనస జిగురు మొదట పాలలా కారుతుంది. ఆ పాలలో సన్నని జిగురు రేణువులు నీటిలో తేలుతూ ఉంటాయి. గాలి తగిలి నీరు ఆరిపోయేకొద్దీ ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కొని బంకగా మారి, ఇనుముకూ చర్మానికీ పట్టుకొంటాయి. ఒకసారి బంకగా మారిన తరువాత నీరు దానిని కరిగించలేదు. నూనె ముందుగా పొరలాగా పరుచుకొని ఉంటే బంక ఇనుమును తాకే వీలుండదు, తాకిన కొద్దిపాటి బంకను కూడా నూనె మెత్తబరుస్తుంది. అందుకే తడి లేని అలుగుకే నూనె రాయాలి. తడి అలుగు మీద నూనె సరిగా పరుచుకోదు.

నూనె ఏదైనా సరే, వంటకు వాడేదైతే చాలు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె మూడూ పనిచేస్తాయి. కిరసనాయిలుతో జిగురు పోతుందన్నది నిజమే గాని, తినే పండు కోసే కత్తికి దానిని ముట్టించడం తగని పని, తొనలకు పట్టిన వాసన పోదు.

ఇక ఒక పండు మొత్తం ఎలా కోయాలో చెబుతాను. పన్రుటి వైపు నుంచి లారీల్లో దిగే పండ్లలో ఎనిమిది కిలోల పండు ఒకటి తీసుకొన్నారనుకోండి. చదునైన నేల మీద గోనె సంచిని నాలుగు మడతలు వేసి, దాని నడుమ కొద్దిగా గుంట చేసి పండును పడుకోబెడితే అది దొర్లదు. పక్కన ఒక పళ్ళెంలో మూడు నాలుగు చెంచాల నూనె, అది రాయడానికి చిన్న గుడ్డ ముక్క, జిగురు తుడిచి పారేయడానికి పాత నూలు గుడ్డ ముక్కలు కొన్ని ఉంచుకోవాలి. నూనె గుడ్డను అలుగు వీపు వైపు నుంచి పట్టుకొని రెండు పక్కలా రుద్దాలి గాని, అంచు మీదుగా వేలు పోనీయకూడదు.

మొదటి కోత అడ్డంగా, పండు నడుమ వేయాలి. ఒకే దెబ్బకు రెండు చెక్కలు చేయాలన్న తొందర అక్కరలేదు. కత్తిని రెండు మూడు అంగుళాల లోతుకు దించి, బయటికి తీసి, పండును కొద్దిగా తిప్పి, మళ్ళీ దించుతూ చుట్టూ కోసుకు రావాలి. ఇలా చేస్తే చివరికి మొద్దు ఒక్కటే మిగులుతుంది, దానిని అప్పుడు తెంపవచ్చు. కోత మధ్యలో కత్తి బరువుగా కదలడం, అలుగు మీద బూడిద రంగు తీగలు సాగడం కనిపిస్తే నూనె పొర పోయిందని అర్థం. ఆ క్షణంలో బలం పెంచకుండా కత్తిని బయటికి లాగి, పొడి గుడ్డతో తుడిచి, మళ్ళీ నూనె రాయాలి. ఈ ఒక్క అలవాటు ఉన్నవారికి చేయి తెగడం నేను చూడలేదు.

రెండు చెక్కలైన వెంటనే మొద్దు చుట్టూ పాలు ఊరుతాయి. వాటిని పొడి గుడ్డతో అద్ది తీసేయాలి, రెండు మూడు నిమిషాలు ఆగి మరోసారి అద్దాలి. ఆ తరువాత ఒక్కొక్క చెక్కను కోసిన వైపు కిందికి ఉండేలా పొడి నూలు గుడ్డ మీద బోర్లించి, రెండుగా కోయాలి. ఇప్పుడు ప్రతి ముక్కలోనూ మొద్దు ఒక అంచున కనిపిస్తుంది. దాని వెంబడి కత్తిని వాలుగా నడిపి మొద్దును తీసేస్తే జిగురులో ఎక్కువ భాగం దానితోనే పోతుంది. మొద్దు తీయకుండా తొనలు పీకేవారే “ఎంత నూనె రాసినా అంటుకొంటోంది” అని విసుక్కొంటారు.

కత్తి పని ఇంతటితో అయిపోయింది. దానిని పిల్లలకు అందని చోట పెట్టి, అప్పుడు చేతులకు నూనె రాసుకోవాలి. ముక్క రెండు కొసలూ పట్టుకొని తొక్కను వెనక్కి వంచితే తొనలు పైకి విచ్చుకొంటాయి. తొనల మధ్య పీచును పక్కకు తొలగించి, తొనను అడుగున పట్టుకొని లాగితే చిరగకుండా వస్తుంది. మొద్దుకు అతుక్కొని ఉన్న కొసన చిన్న గట్టి ముక్క ఉంటుంది, అందులో జిగురు దాగి ఉంటుంది గనుక దానిని గిల్లి పారేయాలి. పెదవులకు జిగురు అంటిందని ఫిర్యాదు చేసేవారు వదిలేసినది ఈ ముక్కనే. తొనను ఒక పక్కన వేలితో చీల్చితే గింజ బయటపడుతుంది, దానికి చుట్టుకొని ఉన్న జారుడు పొరను కూడా తీసేయాలి. దీనికి కత్తి అక్కరలేదు, నూనె వేళ్ళతో చిన్న కత్తి పట్టుకోవడం మళ్ళీ మొదటి ప్రమాదమే.

తొన మెత్తగా, గుజ్జుగా ఉండే రకం బాగా మాగితే తొక్కను చేతులతోనే విప్పవచ్చు. పైన చెప్పిన కత్తి పని అంతా ముఖ్యంగా గట్టి తొన రకానికి. ఎనిమిది కిలోల పండులో తొనలు సుమారు మూడో వంతే వస్తాయి, మిగిలినది తొక్క, పీచు, మొద్దు, గింజలు. తూకంలో మోసం జరిగిందని తగవు పెట్టుకోవద్దని మనవి.

పని అయ్యాక చేతులను నేరుగా కుళాయి కింద పెట్టకూడదు. ఇంకొంచెం నూనె రాసి రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, శనగపిండి చల్లి నలిపి, ఆ తరువాత సబ్బుతో కడగాలి. కత్తికీ అంతే: ముందు నూనె, తరువాత గుడ్డ, చివరికి సబ్బూ వేడి నీళ్ళూ.

మిగిలిన పుకార్లు

మాగిన పండులో జిగురు ఉండదన్నది అబద్ధం. పచ్చికాయలో కన్న తగ్గుతుంది, అంతే. పనస తిని నీళ్ళు తాగితే విషమవుతుందన్న మాటకు ఆధారం లేదు. అతిగా తింటే కడుపు ఉబ్బుతుంది, దానికి నీళ్ళను నిందించడం అన్యాయం. చర్మానికి జిగురు తగిలిందని భయపడే తల్లులు ఉంటారు, వారికి నేను చెప్పేది నూనె రుద్దమనే. అయితే రబ్బరు తొడుగులకో, బెలూన్లకో దురద, దద్దుర్లు వచ్చే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఈ పని వారికి అప్పగించకండి, తినే విషయంలో కూడా డాక్టరును అడగండి.

గింజలు విషమని పారేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. పచ్చి గింజల్లో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకొనే పదార్థం ఉంటుంది గనుక పచ్చిగా తినకూడదన్నది నిజం, కాని ఉడికిస్తే దాని బలం పోతుంది. ఉప్పు వేసిన నీళ్ళలో అరగంటకు కొంచెం తక్కువగా ఉడికించి, గోరు దిగేలా మెత్తబడ్డాక తెల్లని పై తొక్క ఒలిచేయాలి. లోపలి గోధుమ రంగు పలుచని పొర తినవచ్చు. కాల్చదలచినవారు ముందుగా గింజకు గాటు పెట్టాలి, లేకపోతే పేలుతుంది. దాచుకోదలిస్తే కడిగి, నీడలో పైతడి ఆరనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. విత్తడానికైతే అలా దాచకూడదు, తేమ పోతే పనస గింజ మొలవదు గనుక పండు కోసిన కొద్ది రోజుల్లోనే మట్టిలో పెట్టాలి.