60 మంది ఆన్‌లైన్‌లో ఉన్నా జోడీ ఎందుకు దొరకదు?

ఇద్దరిద్దరు తలపడే చిన్న ఆన్‌లైన్ గేమ్ ఒకటి తీసుకుందాం. ఒక్కో ఆట 10 నిమిషాలు సాగుతుంది. రాత్రి 9 గంటలకు 60 మంది ఆన్‌లైన్‌లో ఉన్నారు. ఇంతమందిలో జోడీ దొరకడం ఎంతసేపు అనిపిస్తుంది కానీ, వాళ్లలో దాదాపు అందరూ అప్పటికే ఆటలో మునిగి ఉంటారు. ఆట ముగించుకుని మళ్లీ క్యూలోకి వచ్చేది నిమిషానికి సుమారు 6 మందే. లెక్కలన్నీ ఈ 6తోనే వేసుకోవాలి.

ఎవరికెవరు సరిజోడో తేల్చడానికి చదరంగం కోసం ఆర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగ్ పద్ధతి చిన్న గేములకు చక్కగా సరిపోతుంది. ఒక ఆటగాడి రేటింగ్ Ra, ప్రత్యర్థిది Rb అయితే, ఆ ఆటగాడి గెలుపు అవకాశం E ఇలా వస్తుంది:

```
E = 1 / (1 + 10^((Rb - Ra) / 400))
```

రేటింగ్ తేడా 100 ఉంటే ఎక్కువ రేటింగ్ ఉన్న ఆటగాడికి గెలిచే అవకాశం 64 శాతం. తేడా 400 అయితే 91 శాతం, అంటే ఫలితం ముందే తేలిపోయినట్టే.

సగటు రేటింగ్ 1500, ప్రామాణిక విచలనం 300 అనుకుందాం. అటూ ఇటూ 100 లోపువాళ్లతోనే ఆడించాలని నియమం పెడితే, 1500 దగ్గరున్న ఆటగాడికి వచ్చేవాళ్లలో 26 శాతం మంది పనికొస్తారు. సగటున 40 సెకన్లలో జోడీ కుదురుతుంది. అదే 2100 ఉన్నవాళ్లకు పనికొచ్చేది 4 శాతమే, కాబట్టి నాలుగు నిమిషాలు దాటుతుంది. అర్ధరాత్రి దాటి 10 మందే మిగిలితే అది 25 నిమిషాలకు పోతుంది. బాగా ఆడేవాళ్లే ముందు విసిగి వెళ్లిపోయేది ఇందుకే.

అందుకని హద్దును వేచి ఉన్నకొద్దీ పెంచాలి. 100తో మొదలుపెట్టి ప్రతి 10 సెకన్లకు 50 కలుపుతూ 400 దగ్గర ఆపితే, నిమిషం తర్వాత 2100 ఆటగాడికి కూడా పావువంతు మంది అందుబాటులోకి వస్తారు. ఇద్దరిలో ఎక్కువసేపు వేచినవారి హద్దునే లెక్కలోకి తీసుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం మొదటి 10 ఆటల వరకు 200 మించనివ్వకూడదు, లేకపోతే వాళ్లు మొదటి రోజే చిత్తుగా ఓడిపోతారు.

జోడీ కుదిరాక లాబీలో ఇద్దరూ 'సిద్ధం' నొక్కడానికి 15 సెకన్లు ఇస్తారు. ఒకరు నొక్కకపోతే రెండోవారిని తిరిగి క్యూలో వేసేటప్పుడు వాళ్లు మొదట చేరిన సమయాన్నే ఉంచాలి. లేకపోతే గడియారం సున్నాకు చేరి, పెరిగిన హద్దు మళ్లీ 100కు పడిపోతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది క్యూను ముక్కలు చేయడం. మూడు ఆట రకాలు, రెండు సర్వర్లు పెడితే ఆ 6 మంది ఆరు క్యూలకు చీలి, ఒక్కోదానికి నిమిషానికి ఒక్కరే మిగులుతారు. రాత్రి 9 గంటలకే అర్ధరాత్రి పరిస్థితి వస్తుంది. ఆట రకాలను రోజుకొకటి చొప్పున తిప్పడం మేలు.

ఇదంతా పనిచేస్తోందో లేదో చూడటానికి సగటు నిరీక్షణ సమయాన్ని మాత్రమే నమ్మకండి. విసిగి రద్దు చేసుకున్నవాళ్లు ఆ సగటులో ఉండరు, కాబట్టి క్యూ ఎంత అధ్వానంగా ఉంటే సగటు అంత బాగున్నట్టు కనిపించవచ్చు. రద్దుల సంఖ్యను రేటింగ్ శ్రేణుల వారీగా విడిగా రాసుకోండి.