డ్రోన్ షాట్లు: ఎత్తుకెళ్తే లోయ పెద్దదైపోదు

గండికోట లోయ మీద నేను మొదటిసారి కట్ చేసిన వీడియోలో 14 షాట్లున్నాయి. మా బావమరిది సగం దాకా చూసి, "ఒకే షాట్ మళ్లీ మళ్లీ వేశావేంటి బావా?" అన్నాడు. ఉక్రోషం వచ్చింది కానీ లెక్కపెడితే 11 షాట్లలో డ్రోన్ ముందుకెళ్తూ కెమెరా పైకి లేస్తోంది. అన్నీ వేర్వేరు చోట్ల తీసినవే. కానీ చోటు మారినంత మాత్రాన చూసేవాడి కంటికి షాట్ మారదు, కదలిక మారాలి.

అపోహ: ఎంత ఎత్తు నుంచి తీస్తే అంత విశాలంగా కనిపిస్తుంది.

పైకి వెళ్లేకొద్దీ దొరికేది మ్యాపు. పెన్నా కోసిన ఆ లోయ వెడల్పు దాదాపు 300 అడుగులు, లోతూ ఇంచుమించు అంతే. నిట్టనిలువుగా పై నుంచి చూస్తే ఆ లోతు మొత్తం పోయి, ఎర్రమట్టిలో పచ్చటి చార మిగులుతుంది.

మామూలు వైడ్ లెన్స్‌తో 120 మీటర్ల ఎత్తు నుంచి కిందికి చూస్తే ఫ్రేములో అడ్డంగా దాదాపు 180 మీటర్ల నేల పడుతుంది. 4కే వీడియోలో అడ్డంగా ఉండేవి 3840 పిక్సెళ్లు. అంటే మనిషి భుజాల వెడల్పుకు వచ్చేది పదో పదకొండో. ఫోన్‌లో అది చుక్క కూడా కాదు. కొలవడానికి తెలిసిన వస్తువేదీ లేకపోతే లోయ 300 అడుగులో 30 అడుగులో కంటికి తేలదు.

అపోహ: ఫ్రేములో ఒక మనిషిని నిలబెడితే చాలు.

ఎక్కడ నిలబెట్టామన్నదే అసలు సంగతి. మనిషి కెమెరాకు 30 మీటర్ల దూరంలో, అవతలి గోడ 130 మీటర్ల దూరంలో ఉంటే, నిజానికి మనిషికి 50 రెట్లకు పైగా ఉన్న గోడ ఫ్రేములో 12 రెట్లే కనిపిస్తుంది. దగ్గరున్నవాడు గోడను మింగేస్తాడు. ఆ మనిషినే అవతలి అంచు మీద నిలబెడితే మనిషీ గోడా ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి కొలత సరిగ్గా వస్తుంది. కాకపోతే వాడు చిన్న గీతలా కనిపిస్తాడు. అది మనిషేనని చూసేవాడికి ముందే తెలిసి ఉండాలి. షాట్ల వరుస కుదిరిందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు (కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా డ్రోన్ లేపొద్దు) ఎర్ర తువ్వాలు వేసుకున్న స్నేహితుడితో ఇలా తీశాను.

మొదటి షాట్: రెండు మనుషుల ఎత్తులో డ్రోన్ నిలిపి, బండల మీద నడిచొచ్చే అతన్ని ఆరు సెకన్లు కదలకుండా తీశాను. తువ్వాలు బాగా గుర్తుండిపోతుంది. రెండోది: అతని పక్కగా, తల ఎత్తులోనే మెల్లగా అంచు దాటించాను. కెమెరాను ముందే కిందికి వంచి పెట్టి, దారిలో మార్చలేదు, డ్రోన్‌ను పైకి లేపలేదు. కాళ్ల కింద బండ ఉన్నట్టుండి మాయమై, అడుగున నది కనిపిస్తుంది. లోతు చెప్పడంలో దీని ముందు ఏ షాటూ ఆగదు. మూడోది: లోయకు ఇవతలి వైపు నుంచి, అంచు మట్టంలో నిలిచిన డ్రోన్. ఫ్రేము పైన అతను, కింద చాలావరకు గోడ. మనిషి ఎత్తు 50 పిక్సెళ్లకు అటూఇటూ ఉంటుంది కానీ ఎర్ర చుక్క నడుస్తుంటే కన్ను పట్టేస్తుంది. నది మలుపు చూపే ఎత్తైన షాట్ ఆ తర్వాతే.

ఈ నాలుగింటిలో డ్రోన్ కదిలింది రెండింట్లోనే, ఆ కదలికలూ వేరు. ఒకటి ముందుకెళ్లింది, ఒకటి పక్కకు జరిగింది. చుట్టూ తిరిగే షాట్ తీశాను కానీ పెట్టలేదు. అది కోట బురుజును చూపడానికి బాగుంటుంది, లోయకు చుట్టూ తిరగడానికి నడుమంటూ ఏముంది?

అపోహ: ఒకే షాట్‌లో ముందుకు, పైకి, పక్కకు కలిపి తిప్పితే వెరైటీ వస్తుంది.

అన్ని షాట్లూ అలాగే తిరిగితే అదే కొత్త రిపీట్. పైగా కట్ పెట్టడానికి చోటు దొరకదు. నేను ప్రతి కదలికకూ ముందు, తర్వాత ఐదేసి సెకన్లు డ్రోన్ నిలిపి ఉంచుతాను. ఎడిట్‌లో స్పీడ్ పెంచి మార్చేద్దామనుకుంటే తువ్వాలు వేసుకున్నవాడు పరుగెత్తుతాడు, కొలత అక్కడే పోతుంది.

ఇంకో మాట. కంట్రోలర్ చూపే ఎత్తు డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క. అంచు మీది నుంచి లేపి 40 మీటర్లకు పోయి లోయ మీదికి తీసుకెళ్తే, స్క్రీన్ మీద 40 అనే ఉంటుంది, కింద నేల మాత్రం 130 మీటర్ల దూరంలో ఉంటుంది. అనుమతించిన 120 మీటర్లు దాటిపోయినట్టే. అందుకే మలుపు షాట్‌ను అంచుకు పాతిక మీటర్ల పైనే ఆపేశాను, ఫ్రేములో ఏమీ తగ్గలేదు.