అపోహలు - వాస్తవాలు: అమ్మకాలు బాగున్నా దుకాణం ఎందుకు మూతపడుతుంది?

ఈ నెల మా వ్యాపారుల సర్కిల్ మీటింగులో, మూతపడిన నా మొదటి దుకాణం గురించి మాట్లాడమన్నారు. డాబాగార్డెన్స్‌లో ఉండేది. హోటళ్లకు ఫినాయిల్, టిష్యూలు, చెత్త కవర్లు సప్లై చేసేవాళ్లం. అక్కడ చెప్పినవే ఇక్కడా రాస్తున్నాను.

అపోహ: ఆర్డర్లు పెరుగుతున్నాయంటే వ్యాపారం నిలబడినట్టే.

వాస్తవం: బిల్లు రాసినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. ఒక లెక్క చూడండి. నెలకు 2,00,000 సరుకు అమ్మారు, 18 శాతం జీఎస్టీతో బిల్లు 2,36,000. ఆ సరుకు మీరు కొన్నది పన్నుతో కలిపి 2,00,600, అదీ నగదుకి. అద్దె, కుర్రాడి జీతం, ఆటో కిరాయి కలిపి 18,000. కొన్నప్పుడు కట్టిన పన్ను తీసేస్తే మీరు కట్టాల్సిన జీఎస్టీ 5,400. అన్నీ పోను లాభం 12,000. కాగితం మీద బాగానే ఉంది.

కానీ హోటల్ వాళ్లు 60 రోజులకు ఇస్తామంటారు, ఇచ్చేసరికి 90 అవుతుంది. ఈలోగా మూడు నెలల సరుకు, ఖర్చులు, రెండు నెలల జీఎస్టీ మీ జేబులోంచే పోతాయి. పార్టీ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, సాధారణంగా వచ్చే నెల 20లోపు జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ రిటర్ను వేసి పన్ను కట్టాల్సిందే. అంతా కలిపితే సుమారు 6,66,000 ఇరుక్కుపోతుంది. దాన్ని రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకు వడ్డీయే 13,300 దాటుతుంది. లాభం 12,000. అమ్మకం రెట్టింపు చేస్తే నష్టమూ రెట్టింపే. మా దుకాణం సరిగ్గా ఇలాగే పోయింది. చివరి నెలల్లో జీఎస్టీ కట్టడానికి చీటీ పాడుకోవాల్సి వచ్చింది. పన్నుకి అప్పు చేస్తున్నారంటే జబ్బు ముదిరిందని అర్థం.

అపోహ: చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే 45 రోజుల్లో డబ్బు వచ్చి తీరుతుంది.

ఈ మాట వాట్సాప్‌లో ఎవరు తిప్పుతున్నారో గానీ, నమ్మి చాలామంది ధైర్యంగా అరువు ఇస్తున్నారు. సరుకు కొని అమ్మే వ్యాపారులకు 2021 జూలైలో ఉద్యమ్ తలుపు తెరిచింది ప్రాధాన్య రంగ రుణాల కోసమే. ఆలస్యమైన బకాయిల విషయంలో ఆ 45 రోజుల రక్షణ తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకే.

అపోహ: షట్టర్ దించేస్తే జీఎస్టీ గొడవ ఉండదు. ఉంటుంది. రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను కూడా వేయాలి. లేకపోతే ఆలస్య రుసుము పెరుగుతూనే ఉంటుంది.

మీటింగ్ అయ్యాక ఒక తమ్ముడు పక్కకి పిలిచి, "అన్నా, ఆర్డర్లు వస్తున్నాయి, అయినా రాత్రి నిద్ర పట్టట్లేదు" అన్నాడు. ఆ టెన్షన్ నాకు తెలుసు. పార్టీల వారీగా బకాయిలు రాసి, 30, 60, 90 రోజులు దాటినవి వేరు చెయ్యమన్నాను. 60 దాటిన పార్టీకి పాత బిల్లు తీరేదాకా కొత్త సరుకు దింపొద్దు. ఆ పార్టీ మన బిల్లులోని పన్నుని తన పన్నులో తగ్గించుకుంటే, అంటే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ క్రెడిట్‌ని వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఈ సంగతి యజమానికి కాదు, వాళ్ల అకౌంటెంట్‌కి గుర్తుచెయ్యి, పని త్వరగా అవుతుంది అని చెప్పాను.