కిలోమీటరుకు 42 రూపాయలు: లారీ కిరాయి లెక్క ఎక్కడ తప్పింది?

పాత బండ్ల ఫిట్‌నెస్ ఫీజు కావచ్చు, డీజిల్ మీద వ్యాట్ కావచ్చు, టోల్ కావచ్చు. ఏది పెరిగినా లారీ యజమానుల నోట బంద్ మాట వస్తుంది. వెంటనే ‘కిలోమీటరుకు కనీస కిరాయి నిర్ణయించండి’ అనే పాత డిమాండు కూడా మళ్లీ పైకి లేస్తుంది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ పూర్తిగా పోవడం, 2017 జూన్‌లో బంకుల్లో రేటు రోజూ మార్చే పద్ధతి మొదలవడం అందరికీ తెలిసిన కథే. సొంత బండిని తానే నడుపుకునే ఓనర్ కమ్ డ్రైవర్ లెక్క తలకిందులైన సమయం మాత్రం 2018 జూలై. దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు.

ఆ నెల 20న దేశవ్యాప్తంగా లారీల సమ్మె మొదలైంది. డీజిల్ ధర తగ్గించాలి, టోల్ గేట్లు తీసేయాలి, థర్డ్ పార్టీ బీమా ప్రీమియం తగ్గించాలి అన్నవి డిమాండ్లు. ఎనిమిది రోజులు బండ్లు ఆగాయి. సమ్మెకు నాలుగు రోజుల ముందు కేంద్ర రవాణా శాఖ యాక్సిల్ లోడు, అంటే ఒక్కో ఇరుసు మీద పడే బరువు పరిమితి పెంచేసింది. పదిటైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. అయిదు యాక్సిళ్ల 14 టైర్ల బండికి 37 నుంచి 43.5 టన్నుల వరకు అనుమతి వచ్చింది. ఎలాగూ ఓవర్‌లోడు నడుస్తోంది, దాన్ని చట్టబద్ధం చేస్తే రవాణా ఖర్చు తగ్గుతుందని ప్రభుత్వం చెప్పింది. అందులో కొంత నిజం ఉంది. సరుకు పంపేవాడికి ఖర్చు తగ్గింది కూడా. అది ఎవరి జేబులోంచి తగ్గిందన్నదే ప్రశ్న.

పదిటైర్ల బండి ఖాళీ బరువు సుమారు 9 టన్నులు. అంటే ఎత్తగలిగే సరుకు 16 టన్నుల నుంచి 19.5 టన్నులకు చేరింది. దేశంలో సరుకు అంతే ఉంది, మోసే శక్తి మాత్రం అయిదో వంతు పెరిగింది. పాత బండ్లకు ఇది వర్తిస్తుందా లేదా అన్న గందరగోళం వేరే. ఓనర్లు చెప్పేది ఇంకోటి ఉంది. అంతకుముందు మూడు టన్నులు ఎక్కువ వేస్తే ఆర్టీఓ భయం ఓనర్‌ది, దానికి అదనంగా అడిగి తీసుకునే కిరాయి కూడా ఓనర్‌దే. ఇప్పుడా మూడు టన్నులు మామూలు లోడులో కలిసిపోయాయి.

ఇక అసలు దెబ్బ పెద్ద బండ్ల నుంచి తగిలింది. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే పదిటైర్ల బండి ఆ లీటరుతో 19 టన్నుల్ని నాలుగు కిలోమీటర్లు లాగుతుంది. 14 టైర్ల బండి లీటరుకు మూడున్నర కూడా ఇవ్వదు, కానీ లాగేది 30 టన్నులు. టన్ను లెక్కన చూస్తే డీజిల్ పాతిక శాతం దాకా ఆదా. మార్కెట్లో టన్ను రేటు ఆ పెద్ద బండికి గిట్టుబాటయ్యే దగ్గర ఆగుతుంది. చిన్న ఓనర్ ఆ రేటుకే లోడు ఎత్తాలి.

విజయవాడ ఆటోనగర్ నుంచి చెన్నైకి ఒక ట్రిప్పు తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే, బండిని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి. అయిదేళ్లు తిరిగిన పదిటైర్ల బండి ధర 22 లక్షలు. 5 లక్షలు చేతినుంచి పెట్టి, 17 లక్షలు 15 శాతం వడ్డీకి నాలుగేళ్ల ఫైనాన్స్ తీసుకుంటే నెల కిస్తీ సుమారు 47,300. బీమా, టాక్సు, పర్మిట్, ఫిట్‌నెస్ కలిపి నెలకు మరో పదివేలు అనుకుందాం. రానుపోను 900 కిలోమీటర్లు. నెలకు ఆరు ట్రిప్పులు పడితే ఒక్కో ట్రిప్పు నెత్తిన ఈ రెండూ కలిపి 9,600 పడుతుంది.

లోడుతో వెళ్లి ఖాళీగా తిరిగొస్తే డీజిల్ 194 లీటర్లు. ఆంధ్ర ధర, కాస్త తక్కువుండే తమిళనాడు ధర కలిపి సగటున 95 వేసుకున్నా 18,400. విజయవాడ దగ్గరి కాజా నుంచి చెన్నై దగ్గరి నల్లూరు దాకా టోల్ గేట్లకు రెండు వైపులా 4,000. టైర్ల అరుగుదల, ఆయిల్, రిపేర్లకు 3,800. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కమిషన్, కాటా, దారి భోజనం, రశీదు లేని ఖర్చులు 2,500. మొత్తం 38,300. కిలోమీటరుకు నలభై రెండున్నర. ఇందులో డ్రైవర్ జీతం లేదు, ఎందుకంటే డ్రైవరూ తనే.

టన్నుకు 1,500 చొప్పున 19 టన్నులకు వచ్చే కిరాయి 28,500. ఖాళీగా తిరిగొస్తే ట్రిప్పుకు దాదాపు పదివేలు లోటు. కాబట్టి రిటన్ లోడు దొరకాల్సిందే. వెనక్కి వచ్చేటప్పుడు ఎప్పుడూ రేటు తక్కువే. టన్నుకు 900 చొప్పున 17,100 వస్తుంది. లోడు పెరిగింది కాబట్టి డీజిల్, కమిషన్ కలిపి మరో 3,500 పోతుంది. చివరికి ట్రిప్పుకు 3,800, నెలకు దాదాపు 23,000 మిగులుతుంది. జీతానికి వెళ్లే డ్రైవరుకూ దాదాపు అంతే వస్తుంది, పైగా అతనికి కిస్తీ టెన్షన్ లేదు.

ఆ రిటన్ లోడు కోసం చెన్నై మాధవరంలో రెండు రోజులు ఆగాల్సి వస్తే లెక్క మళ్లీ మారుతుంది. 24 గంటల్లో తిరిగొస్తే రానుపోను టోల్ ఒకవైపు టోల్‌కి ఒకటిన్నర రెట్లే. ఆ గడువు దాటితే రెండో వైపూ పూర్తిగా కట్టాలి, మనం పైన వేసుకున్న 4,000 అలాంటిదే. ఇంకా పెద్ద నష్టం కనబడనిది. అలా ఆగీ ఆగీ నెలకు ఆరు ట్రిప్పులు అయిదుకు పడిపోతే కిస్తీ ఒక్కటే కిలోమీటరుకు 8.80 నుంచి పదిన్నర అవుతుంది. నెలాఖరుకు మిగిలేది దాదాపు 9,700. చెన్నైలో తిన్న ఆ రెండు రోజుల భోజనం అందులోంచే తీసేయాలి. లోడు కోసం ఆగితే రోజులు పోతాయి, ఆగకపోతే డీజిల్ పోతుంది. ఫైనాన్స్ వాళ్లు కిస్తీని కిలోమీటర్లతో లెక్కించరు, తేదీతో లెక్కిస్తారు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఒక సెన్సార్ పోయినా రోడ్డు పక్క మెకానిక్‌తో పని జరగడం కష్టమైంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక గేటు దగ్గర క్యూ తగ్గింది నిజమే. కానీ సరుకు పంపిన పార్టీ దగ్గర నుంచి కిరాయి రావడానికి నెల పట్టినా టోల్ మాత్రం ముందే వేసిన బ్యాలెన్స్‌లోంచి కట్ అవుతుంది.

పెద్ద ఫ్లీట్ కంపెనీల వాదన వేరు. కనీస కిరాయి పెడితే సరుకు రైలెక్కుతుందంటారు. వాళ్లకు కంపెనీలతో ఏడాది ఒప్పందాలుంటాయి, డీజిల్ పెరిగితే కిరాయి సవరించుకునే షరతు ఉంటుంది, రెండు వైపులా లోడు ముందే మాట్లాడుకుని ఉంటారు. ఒక్క బండి ఓనర్‌కి ఒప్పందం అంటే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో రాసిచ్చే చీటీ.

కనీస కిరాయి డిమాండులోనూ ఒక చిక్కుంది. మార్కెట్లో బేరం టన్నుల్లో జరుగుతుంది, యూనియన్ అడిగేది కిలోమీటర్లలో. ఏ కిలోమీటరుకి? లోడుతో వెళ్లిన 450కా, ఖాళీగా వచ్చిన 450కి కూడానా? రెండో దానికి డబ్బిచ్చే పార్టీ ఇంతవరకు లేదు.