ప్రైవసీ మూట్‌లో రెస్పాండెంట్ రీబట్టల్: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో లాయరుగా ప్రాక్టీసు చేస్తూ లా విద్యార్థులకు మూట్ కోర్టు, అంటే ఊహాజనిత కేసులో నిజం కోర్టులోలా వాదించే పోటీ, నేర్పుతుంటాను. ప్రైవసీ కేసుల్లో రెస్పాండెంట్ అంటే చాలాసార్లు ప్రభుత్వమే. ఆ పక్షం చీటీ వచ్చిందంటే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. రౌండు చివర, పిటిషనర్ రీబట్టల్, అంటే ఎదుటి వాదనకు ఇచ్చే తిరుగు జవాబు, అయ్యాక, వీళ్లకు రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. కొన్ని పోటీల్లో దీన్ని సర్-రీబట్టల్ అంటారు. పిటిషనర్ రీబట్టల్‌లో ఎత్తిన అంశాలకే జవాబు చెప్పాలన్నది సాధారణంగా ఉండే నియమం.

సాధన కోసం నేను రాసిచ్చిన ప్రొపోజిషన్, అంటే వాదించాల్సిన కేసు కథ, ఇది. ఒక ఊహాజనిత రాష్ట్రం. సముద్రతీర మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు. ప్రభుత్వం చట్టం చేసి రోగుల రిజిస్టర్ పెట్టింది. ఉచిత డయాలసిస్ కావాలంటే పేరు, ఊరు, ఫోన్ నంబరు, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఫలితాలు ఇవ్వాలి. ఆ వివరాలను 20 ఏళ్లు ఉంచుతారు, ఒక పరిశోధన సంస్థకు కూడా ఇస్తారు. చట్టాన్ని మొత్తంగా కొట్టేయాలని పిటిషనర్ కోరుతున్నారు.

అపోహ: ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లోనే తేలిపోయింది కాబట్టి, రెస్పాండెంట్ గెలవాలంటే ఆ హక్కును ఎలాగోలా తగ్గించి చూపాలి.

వాస్తవం: హక్కును మొదటి వాక్యంలోనే ఒప్పుకోండి. ఆ ఏడాది సుప్రీంకోర్టు తీర్పిచ్చిన పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులూ హక్కు ఉందన్న దగ్గర ఏకమయ్యారు. దాంతో తలపడితే మీ సమయమే పోతుంది. ఆ హక్కుకు కలిగిన భంగం సమర్థనీయమా కాదా అన్నదే అసలు పోరు. సమర్థించే భారం ప్రభుత్వానిదే. అందుకే "పిటిషనర్ నిరూపించలేకపోయారు" అని మొదలుపెట్టే రీబట్టల్‌ను బెంచ్ ఒక్క ప్రశ్నతో ఆపేస్తుంది.

అపోహ: ఎదుటివాళ్లు చేసిన తప్పులన్నీ వరసగా చదివితే మంచి రీబట్టల్.

వాస్తవం: రెండు నిమిషాల్లో ఐదు తప్పులు చెబితే బెంచ్‌కు ఒక్కటీ గుర్తుండదు. ఏ తప్పు తీసుకోవాలో తేల్చుకోడానికి నేను రెండు ప్రశ్నలు వేయిస్తాను. ఈ తప్పును బెంచ్ ఒప్పుకుంటే వాళ్లు కోరిన ఉపశమనం కూలుతుందా? ఇదే మాట తిరిగి మన మెమోరియల్‌కు, అంటే ముందే రాసిచ్చిన మన లిఖిత వాదనకు, తగులుతుందా?

మా సాధన రౌండులో పిటిషనర్ రీబట్టల్‌లో మూడు మాటలు వచ్చాయి. డయాలసిస్ అవసరంలో ఉన్న మనిషి ఇచ్చిన సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చింది కాదు. పేర్లు లేకుండా లెక్కలు సేకరించినా పని జరుగుతుంది. 20 ఏళ్లు ఉంచడం మరీ ఎక్కువ.

మొదటిది బలమైన మాట, దాని జోలికి వెళ్లొద్దన్నాను. మన వాదన సమ్మతి మీద నిలబడలేదు, చట్టం మీద నిలబడింది. బెంచ్ అడిగితే అంతే చెప్పాలి. రెండోది పైకి బలంగా వినిపిస్తుంది గానీ లోపల బోలు. హక్కుకు కలిగిన భంగం లక్ష్యానికి తగినంతే ఉందా అని చూడడానికి సుప్రీంకోర్టు వాడే అనుపాత పరీక్షలో అవసరం అనే మెట్టు ఒకటుంది. హక్కుకు తక్కువ హాని చేసే మార్గం ఉంటే చాలదు, ఆ మార్గం అసలు లక్ష్యాన్ని అంతే బాగా నెరవేర్చాలి. పేర్లు లేని రిజిస్టర్‌లో, నిరుడు ఒక కేంద్రంలో పరీక్ష చేయించుకున్న మనిషి, ఈ ఏడు ఇంకో కేంద్రంలో డయాలసిస్‌కు వచ్చిన మనిషి ఒకరేనని తెలియదు. జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో తెలియదు. క్రియాటినిన్ పెరిగిన రోగిని వెనక్కి పిలవడమూ కుదరదు. కారణం తేలని జబ్బులో ఆ వరస తెలియడమే రిజిస్టర్ ఉద్దేశం.

అయితే ఇది పరిశోధన సంస్థకు వర్తించదు. అక్కడ పేరు బదులు ఒక కోడ్ నంబరు పంపినా పని నడుస్తుంది. ఆ ముక్కను అడగకముందే వదులుకోవాలి. వదులుకుంటే చట్టంలో ఒక సెక్షన్ పరిధి తగ్గుతుంది, రిజిస్టర్ నిలుస్తుంది.

ఇక మూడోది, 20 ఏళ్ల మాట. దీనికి వాళ్లు 2018 ఆధార్ తీర్పు చూపించారు. ఆధార్ ధ్రువీకరణ రికార్డులను ఆరు నెలలకు మించి ఉంచకూడదని అందులో కోర్టు చెప్పిన మాట నిజం. కానీ గడువు కోసిన అదే తీర్పు ఆధార్ చట్టాన్ని కొట్టేయలేదు. గడువు ఎక్కువైతే తగ్గించాలి గానీ చట్టమంతా ఎందుకు పోవాలి? వాళ్లు తెచ్చిన తీర్పే వాళ్లు కోరిన ఉపశమనం అతి అని చెబుతోంది. ఇక్కడ బెంచ్ ఎదురు ప్రశ్న వేయొచ్చు: ధ్రువీకరణ రికార్డు, వైద్య రికార్డు ఒకటేనా అని. కాదనే చెప్పండి. మనం ఆ తీర్పు నుంచి తీసుకుంటున్నది ఆరు నెలల అంకెను కాదు, దోషమున్న భాగాన్నే సరిచేసే పద్ధతిని.

మా రెస్పాండెంట్ స్పీకర్ చివరకు చెప్పిన దాని సారం ఇది: "మై లార్డ్స్, రెండే అంశాలు. బెంచ్ అడిగిన ప్రశ్నకు, పేర్లు తీసేస్తే రిజిస్టర్ మీద అభ్యంతరం లేదని పిటిషనర్ స్పీకర్ చెప్పారు. అంటే లక్ష్యం సక్రమమేనని ఒప్పుకున్నారు. వారు చూపిన మార్గంతో ఒక రోగి జబ్బును ఏడాది నుంచి ఏడాదికి గమనించలేం. ఇక గడువు ఎక్కువని కోర్టు భావిస్తే, ఆధార్ తీర్పులో చేసినట్టు దాన్ని తగ్గించవచ్చు. చట్టం మొత్తాన్ని కొట్టేయడానికి అది ఆధారం కాదు."

ఆ మొదటి అంశం దొరికింది నోట్సు వల్ల. పిటిషనర్ మాట్లాడుతున్నప్పుడు మా కో-కౌన్సెల్ కాగితాన్ని మూడు గళ్లు చేసుకుంటాడు: వాళ్ల వాదన, బెంచ్ ప్రశ్న, దానికి వాళ్లిచ్చిన జవాబు. అసలు సరుకు మూడో గడిలో దొరుకుతుంది. రాసుకొచ్చిన ప్రసంగంలో ఎవరూ ఏదీ వదులుకోరు, బెంచ్ అడిగినప్పుడే వదులుకుంటారు.

అపోహ: జస్టిస్ చంద్రచూడ్ మాటను పిటిషనర్ ఉటంకిస్తే, అది అసమ్మతి తీర్పని చెబితే సరిపోతుంది.

వాస్తవం: ముందు ఏడాది చూడండి. 2017లో ఆయన తనతో కలిపి నలుగురు న్యాయమూర్తుల తరఫున రాశారు. 2018 ఆధార్ కేసులో ఐదుగురి ధర్మాసనంలో ఒక్కరే విభేదించారు. 2018 మాటను కోర్టు తీర్పుగా చదివితే అది ఎదుటివాళ్ల పెద్ద బలహీనత, ఒక్క వాక్యంతో ఎత్తి చూపండి. 2017 మాటను పట్టుకుని అసమ్మతి అన్నారంటే పరువు పోయేది మీదే.

అపోహ: పిటిషనర్ 2023 డేటా పరిరక్షణ చట్టం ఉల్లంఘన అంటే, అది ఇంకా అమల్లోకి రాలేదని కొట్టిపారేయొచ్చు.

వాస్తవం: ఈ ఆయుధానికి రెండు వైపులా పదునే. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. ఆ చట్టం కింద ఏర్పడే డేటా పరిరక్షణ బోర్డుకు సంబంధించిన సెక్షన్లు వెంటనే మొదలయ్యాయి. సమ్మతి, డేటా సేకరించేవారి బాధ్యతలు వంటి ముఖ్యమైన సెక్షన్లకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. ప్రొపోజిషన్ తేదీ అంతకు ముందుదైతే పిటిషనర్ పట్టు సడలినట్టే. కానీ ప్రభుత్వ పథకాలకు సమ్మతి అక్కర్లేదనే సెక్షన్ 7, మినహాయింపులిచ్చే సెక్షన్ 17 కూడా ఆ గడువులోనివే. మన మెమోరియల్ వాటి మీద నిలబడి ఉంటే నోరెత్తకూడదు. రౌండుకు ముందు రోజు రాత్రే మీ మెమోరియల్ తెరిచి, ఆ సెక్షన్లు ఎన్ని పేరాల్లో ఉన్నాయో గుర్తు పెట్టుకోండి.

అపోహ: మన జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు సంగతి మనకు తెలిసిందే కదా, బెంచ్‌కు చెబితే బలం.

వాస్తవం: ఉద్దానంలోని కవిటి నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది, "మేడం, మా ఇంట్లోనే చూశాం కదా, చెప్పకూడదా?" అని. ఆ బాధ నిజమే గానీ మూట్‌లో ప్రొపోజిషన్‌లో ఉన్నవే వాస్తవాలు. బయటి సంగతి చెబితే బెంచ్ పేరా నంబరు అడుగుతుంది. తనకు తెలిసినదాన్ని వేరేలా వాడమన్నాను. ఒకే రోగి రెండు మూడు ఆసుపత్రులు ఎందుకు తిరుగుతాడో తనకు తెలుసు గనకే, ప్రొపోజిషన్‌లో "జిల్లాలోని ఏ కేంద్రంలోనైనా డయాలసిస్" అన్న చిన్న వాక్యం ఆమె కళ్లకు ఆనింది. పేర్లు లేని రిజిస్టర్ ఎందుకు చాలదో చెప్పే వాదన ఆ వాక్యంలోంచే పుట్టింది.