2 లక్షల 58 వేల ఉద్యోగాలు ఎటుపోయాయి?

అమెరికా ఉద్యోగాల లెక్కను సవరించినప్పుడల్లా మళ్లీ అదే రగడ: ఈ అంకెలను నమ్మొచ్చా, ఎవరైనా వండి వారుస్తున్నారా? ఈ అనుమానం ఇంత బలపడింది ఒక్క సాయంత్రంలో. 2025 ఆగస్టు 1, శుక్రవారం. వాషింగ్టన్‌లో ఉదయం ఎనిమిదిన్నర, మనకు సాయంత్రం ఆరు. మన మార్కెట్లు మూసేసి రెండున్నర గంటలైంది. క్రిప్టో మాత్రం తెరిచే ఉంది, దానికి సెలవుండదు.

అప్పుడు వచ్చిన అమెరికా ప్రభుత్వ నెలవారీ నివేదికలో, జులైలో కొత్త ఉద్యోగాలు 73 వేలే అని తేలింది. మార్కెట్ అనుకున్నది లక్షకు పైచిలుకు. అసలు దెబ్బ దాని కింది లైన్లో ఉంది. మే నెలకు 1.44 లక్షలని చెప్పింది 19 వేలైంది, జూన్‌కు 1.47 లక్షలన్నది 14 వేలైంది. రెండూ కలిపి 2.58 లక్షలు మాయం.

రెండు రోజుల ముందే అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ అధ్యక్షుడు పావెల్ వడ్డీని 4.25-4.50 శాతం దగ్గరే ఉంచి, ఉద్యోగాల పరిస్థితి గట్టిగానే ఉందన్నారు. ఆ మాట నిలబడింది పాత లెక్క మీద. ఆ లెక్క కూలితే ఫెడ్ వడ్డీ తగ్గిస్తుందన్న అంచనా పుడుతుంది. అందుకే ముందు కదిలింది అమెరికా ప్రభుత్వపు రెండేళ్ల ట్రెజరీ బాండు. రాబోయే రెండేళ్లలో ఫెడ్ ఏం చేస్తుందన్న అంచనాకు ధర కట్టేది అదే. దాని యీల్డు, అంటే కొన్నవాళ్లకు వచ్చే రాబడి శాతం, ఆ రోజు పావు శాతం దాకా పడింది. యీల్డు పడితే బాండు ధర పెరుగుతుంది. వంద డాలర్ల బాండు మీద ఇది దాదాపు అర డాలరు లాభం. చూడ్డానికి చిన్నదే, రెండేళ్ల బాండుకు మాత్రం ఒక్క రోజులో పెద్ద కదలిక.

వడ్డీ తగ్గుతుందంటే షేర్లు పెరగాలి కదా? పెరగలేదు. అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 ఆ రోజు 1.6 శాతం పడింది, బిట్‌కాయిన్ కూడా జారింది. కొత్త సుంకాల భయమూ ఆ రోజే ఉంది కాబట్టి తప్పంతా ఈ నివేదికదే అనలేం. కానీ బాండు పెరిగి, షేరు, క్రిప్టో రెండూ పడ్డాయంటే మార్కెట్ భయపడుతున్నది మాంద్యానికని అర్థం. 2022 సెప్టెంబరు 13 దీనికి తిరగేసిన బొమ్మ. ద్రవ్యోల్బణం 8.1 శాతం అనుకుంటే 8.3 వచ్చింది. 0.2 శాతం తేడాకే ఎస్ అండ్ పీ 4.3 శాతం కూలింది, బాండ్లూ పడ్డాయి, బిట్‌కాయినూ పడింది. అప్పటి భయం ధరల గురించి, వడ్డీ ఇంకా పెంచుతారని. అంకె పెద్దదా చిన్నదా అన్నది కాదు, అనుకున్నదానికి ఎంత దూరంలో ఉంది, ఏ భయాన్ని రేపింది అన్నదే లెక్క.

మళ్లీ ఆగస్టు 1కి వద్దాం. మధ్యాహ్నానికల్లా ట్రంప్ అంకెలు రాజకీయంగా వండినవంటూ, కార్మిక గణాంకాల బ్యూరో కమిషనర్ ఎరికా మెక్‌ఎంటార్ఫర్‌ను తీసేయమన్నారు. 2024 ఎన్నికల ముందు తన ప్రత్యర్థి కమలా హారిస్‌కు అనుకూలంగా లెక్కలు పెంచారన్నది ఆయన మరో ఆరోపణ. అయితే 2024 ఆగస్టులో, ఎన్నికలకు రెండున్నర నెలల ముందు, ఉద్యోగాల లెక్కలో 8.18 లక్షలు తగ్గించవచ్చని ప్రకటించింది ఇదే బ్యూరో. హారిస్‌కు మేలు చేయాలనుకున్నవాళ్లు చేసే పనేనా అది? ట్రంప్ తొలి హయాంలో అదే కుర్చీలో కూర్చున్న విలియం బీచ్ కూడా ఈ తొలగింపుకు ఆధారమే లేదన్నారు.

సవరణ ఎందుకు వస్తుందో బ్యూరో ఏనాడూ దాచలేదు. నెలనెలా 1.21 లక్షల సంస్థలను, ప్రభుత్వ కార్యాలయాలను అడుగుతారు: 12వ తేదీ పడిన జీతం గడువులో మీ దగ్గర ఎంతమంది ఉన్నారని. మొదటి గడువుకు చాలామంది జవాబివ్వరు. ఆలస్యంగా వచ్చిన జవాబులను తర్వాతి రెండు నెలల్లో కలుపుతారు. ఆపై ఏడాదికోసారి నిరుద్యోగ బీమా పన్ను రికార్డులతో సరిచూస్తారు. మార్కెట్‌కు మాత్రం ఆగే ఓపిక లేదు, సగం వండిన మొదటి అంకె మీదే కోట్లు మారిపోతాయి. జవాబులిచ్చేవాళ్లు తగ్గుతున్నారు, దాంతో మొదటి అంకె బలహీనమవుతోంది. విమర్శకుల మాటలో నిజమున్నది అక్కడే.

ఆ ఏడాది సరిచూపుకు 2025 సెప్టెంబరు 9న వచ్చిన తొలి అంచనా ఇంకా పెద్దది: 2025 మార్చి వరకు ఏడాదిలో, ముందు చెప్పినదానికన్నా 9.11 లక్షల ఉద్యోగాలు తక్కువ. ఎనిమిది రోజుల తర్వాత ఫెడ్ వడ్డీని పావు శాతం తగ్గించింది.

అక్టోబరు 1 నుంచి 43 రోజులు అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. అక్టోబరు నిరుద్యోగ రేటు, ద్రవ్యోల్బణం రేటు అసలు రానేలేదు. నవంబరు ఉద్యోగాల లెక్క డిసెంబరు 16న వచ్చింది. ఫెడ్ మరో పావు శాతం తగ్గించి అప్పటికి ఆరు రోజులైంది.