పట్టికలో లేని గడి

పఢా, పఢే, పఢీ, పఢీఁ. హిందీలో 'చదవడం' అనే క్రియకు భూతకాలంలో ఉండేవి ఈ నాలుగు రూపాలే. పుంలింగం, స్త్రీలింగం, ఏకవచనం, బహువచనం అని నాలుగు గడులు గీసుకుంటే అరగంటలో కంఠతా వచ్చేస్తాయి. నాకూ వచ్చాయి. కొన్నాళ్లకు హిందీ మాతృభాషగా ఉన్న స్నేహితుడు "నిన్న ఏం చేశావ్?" అని అడిగితే, ధీమాగా "మై కితాబ్ పఢా" అన్నాను. నేను మగవాణ్ని, ఒక్కణ్ని, కాబట్టి పఢా. లెక్క సరిగ్గానే వేశాను. వాక్యం మాత్రం రెండు చోట్ల తప్పు. 'మైనే కితాబ్ పఢీ' అనాలి.

పట్టిక నాకు అబద్ధం చెప్పలేదు. స్త్రీలింగమైతే పఢీ అంది. కానీ ఎవరి లింగం? చదివినవాడిదా, చదివిన వస్తువుదా? ఆ ప్రశ్నకు పట్టికలో గడే లేదు. గడి ఖాళీగా ఉంటే మనసు మాతృభాషను తెచ్చి నింపేస్తుంది. తెలుగులో నేను చదివాను, ఆమె చదివింది అంటాం. క్రియ ఎప్పుడూ కర్త వెంటే నడుస్తుంది. హిందీ భూతకాలంలో కర్తకు 'నే' చేరిందంటే, క్రియ కర్తను వదిలేసి కర్మ వెంట వెళ్తుంది. కితాబ్ స్త్రీలింగం, అందుకే పఢీ. చదివింది రాముడైనా సీతైనా అంతే.

పట్టికతో ఇంకో చిక్కుంది. ఏడెనిమిదులెంత అని హఠాత్తుగా అడిగితే చాలామంది లోలోపల ఏడొకట్ల నుంచి మొదలుపెడతారు. వరసలో నేర్చుకున్నది వరసలోనే బయటికొస్తుంది. మాటల మధ్యలో ఆ వరస చదువుకునేంత తీరిక ఎక్కడుంటుంది? 1977లో మోరిస్, బ్రాన్స్‌ఫోర్డ్, ఫ్రాంక్స్ అనే పరిశోధకులు కొన్ని పదాలను కొందరిచేత అర్థం మీద దృష్టి పెట్టి, కొందరిచేత ప్రాస మీద దృష్టి పెట్టి చదివించారు. మామూలు పరీక్షలో అర్థం చూసినవాళ్లే మెరుగు. ప్రాస అడిగిన పరీక్షలో మాత్రం ప్రాస చూసినవాళ్లే గెలిచారు. అంటే ఏ పని కోసం గుర్తుచేసుకోవాలో, ఆ పని చేస్తూ నేర్చుకుంటేనే జ్ఞాపకం అక్కరకొస్తుంది. పట్టిక అప్పజెప్పడం సాధన చేస్తే పట్టిక అప్పజెప్పడమే వస్తుంది.

పిల్లలు పట్టికలతో మొదలుపెట్టరు. మైకేల్ టొమసెల్లో అనే మనస్తత్వవేత్త తన కూతురి తొలి మాటలను డైరీలో రాసిపెట్టాడు. ఆ పాప 'కట్' అనే క్రియను ఒకే చట్రంలో వాడేది: కట్ అని, పక్కన ఏదో ఒక వస్తువు పేరు. అదే వయసులో 'డ్రా'ను మాత్రం రకరకాల చట్రాల్లో వాడింది. ఒక్కో క్రియ ఒక్కో దీవిలా ఉండేదన్నమాట. ఆ దీవులు కలిసేది తర్వాతే.

ఇదే దారిలో నా తప్పును సరిచేసుకున్నాను. మొదటి చట్రం 'మైనే ___ పఢీ'. ఖాళీలో కితాబ్, చిఠ్ఠీ, కహానీ, కవితా. రెండోది 'మైనే ___ పఢా'. అందులో అఖ్‌బార్, ఉపన్యాస్, లేఖ్. పైకి పలుకుతూ, విడివిడిగా. నోరు తిరిగాక రెండూ కలిపేశాను, ఎందుకంటే ఒకే రకం వరసగా వస్తుంటే ఆలోచించే పనే ఉండదు. తర్వాత కర్తను మార్చాను: ఉస్‌నే కితాబ్ పఢీ, హమ్‌నే కితాబ్ పఢీ, రామ్‌నే కితాబ్ పఢీ. క్రియ కదల్లేదు! నియమంగా ఎన్నోసార్లు చదివిన విషయమే, కానీ అప్పుడు గానీ ఒంటబట్టలేదు. చివరికి క్రియను మార్చాను: చిఠ్ఠీ లిఖీ, లేఖ్ లిఖా, ఖబర్ సునీ, గానా సునా.

ఖాళీలో రకరకాల మాటలు పడటమే ఇక్కడ కీలకం. కితాబ్ ఒక్కటే వందసార్లు పలికితే 'మైనే కితాబ్ పఢీ' అనేది గడ్డకట్టిన ఒకే ముక్కగా మిగిలిపోతుంది. అది చట్రమైందో లేదో చూడాలంటే సాధనలో రాని మాట ఒకటి ఇవ్వాలి. సడక్ స్త్రీలింగమని మాత్రం చెప్పి, రెండు రోజుల తర్వాత 'రోడ్డు చూశాను' అనమనండి. తడుముకోకుండా 'మైనే సడక్ దేఖీ' వస్తే పట్టుబడినట్టే. పెదవులు పఢా, పఢే అంటూ కదిలితే ఇంకా పట్టికలోనే ఉన్నట్టు.

చట్రం హద్దు దాటి పాకుతుంది కూడా. ఊపులో నేను 'మైనే కితాబ్ లాయీ' అనేశాను. లానా, అంటే తేవడం, సకర్మకమే అయినా 'నే' తీసుకోదు. 'మై కితాబ్ లాయా' అనాలి. బోల్నా, భూల్నా కూడా మామూలుగా ఇదే జాతి. వాటికి వేరే చట్రం కట్టుకోవాల్సిందే. ఇంకోటి, కర్మకు 'కో' చేరితే క్రియ దాన్నీ వదిలేస్తుంది: 'మైనే ఉస్ కితాబ్ కో పఢా'.

ఇన్ని వాక్యాలు నోట్లో నానాక మళ్లీ పాత పట్టిక తీశాను. ఈసారి అది పనికొచ్చింది. పఢా, పఢీ గడులు చూడగానే వాక్యాలు గుర్తొచ్చాయి. 'పఢే', 'పఢీఁ' గడుల దగ్గర మాత్రం ఏదీ రాలేదు. బహువచనంలో ఒక్క వాక్యమూ సాధన చేయలేదని అప్పుడు తెలిసింది. మైనే దో లేఖ్ పఢే, మైనే తీన్ చిఠ్ఠియాఁ పఢీఁ అంటూ మళ్లీ కూర్చున్నాను.